తొమ్మిదో పాఠం రెండోది కావాల్సింది

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ఎవరైనా మొహం మీద అంటే దానిక్కూడా కోపమే వస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను కాబట్టి, ఆ కోపానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకుని బతికేశాను. పిల్లలు భయపడేవారు, హెడ్మాస్టర్లు మెచ్చుకునేవారు, నా దారిన నేను పోయేదాన్ని. ఇప్పుడు రాయబోయేది మాత్రం ఆ కోపం చాటున నేను చేసిన ఒక తప్పు సంగతి. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేందుకు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తోంది.

మా బడి పుత్తూరు నుంచి లోపలికి ఏడెనిమిది కిలోమీటర్లు. నేను తిరుపతిలో ఉంటాను. పొద్దున్నే పుత్తూరు బస్సు, అక్కణ్ణుంచి షేర్ ఆటో. పుత్తూరు ఎముకల కట్టుకు పేరు, బస్సులో ఎప్పుడూ నలుగురైనా విరిగిన చేతికో కాలికో కట్టు కట్టించుకోవడానికి పోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళు మూలుగుతుంటే నేను ఒళ్ళో పేపర్లు పెట్టుకుని దిద్దుకుంటూ పోతాను. బడి చుట్టూ మామిడి తోటలు, అక్కడక్కడా చెరకు. పిల్లల్లో చాలామంది ఆ తోటల్లో కూలి చేసుకునేవాళ్ళ పిల్లలే.

ఎనిమిదో తరగతికి రెండు సెక్షన్లు. ఎ సెక్షన్ నాది. బి సెక్షన్ ఆ ఏడాదే డీఎస్సీలో ఎంపికై వచ్చిన ఒక అమ్మాయికి ఇచ్చారు. సూళ్ళూరుపేట దగ్గర పల్లె ఆమెది. వయసు అడిగితే ఇరవై ఆరు అంది, అంటే సరిగ్గా నా సర్వీసంత. పిల్లలు నన్ను పెద్ద మేడం అనీ, ఆమెను చిన్న మేడం అనీ పిలిచేవారు. ఆ పెద్ద అనే మాట నాకు భలే నచ్చేది, దాచుకోవడమెందుకు.

చుట్టుపక్కల బడుల టీచర్లందరం నెలకొకసారి ఒకచోట కూర్చుంటాం. కాంప్లెక్స్ మీటింగ్ అంటారు. ఆ ఏడాది మొదటి మీటింగులో ఒక మాట వచ్చింది. పుస్తకంలో కంపెనీ పాలన చదివే పిల్లలకు అదంతా ఎక్కడో బెంగాల్లో జరిగిన కథలా ఉంటోంది, మన ప్రాంతం మీదే పది పాఠాల యూనిట్ ఒకటి తయారు చేద్దాం, ముందు ఒక బడిలో చెప్పి చూసి తర్వాత అన్ని బడులకూ పంచుదాం అని. ఎవరు రాస్తారంటే అందరూ నావైపే తిరిగారు. నేను వద్దు వద్దంటూనే ఒప్పుకున్నాను. ఆ వద్దనడం ఊరికే మర్యాద కోసం.

రెండు వారాలు కూర్చుని రాశాను. మొదటి పాఠం పాలెగాళ్ళు. రెండోది కంపెనీ చేతికి మన ప్రాంతం ఎలా వచ్చింది. మూడు, భూములు కొలవడం. నాలుగు, రైతు పేరు మీదే నేరుగా శిస్తు వేయడం. ఐదు చెరువులు, వాన మీద బతికే పంటలు. ఆరు రైలు, అంగళ్ళు, ఊళ్ళోంచి బయటికి పోయిన గింజలు. ఏడు, 1876లో మొదలైన ధాత కరువు, దాని మీద అప్పటి అధికారి రాసిన రిపోర్టు. ఎనిమిది ఊరు వదిలి వలస పోయినవాళ్ళు. తొమ్మిది, ఆధారాలను ఎలా పరిశీలించాలి, అంటే ఒక కాగితం చేతికొస్తే ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఎందుకు రాశారు అని అడగడం. పదోది పిల్లలే తమ ఊరి కథను పెద్దవాళ్ళనడిగి రాసుకొచ్చే పని. పదో పాఠంలో ఆధారాలు వెతకాలి కాబట్టి దానికి సరిగ్గా ముందు ఆధారాల పాఠం పెట్టాను. తాజాగా నేర్చుకుంటారు, తాజాగా వాడతారు అనుకున్నాను. మిగతాదంతా కాలక్రమం. చరిత్రకు అంతకంటే మంచి వరస ఏముంటుందని నా ధీమా.

ముందు చెప్పింది మరిచిపోకుండా ప్రతి పాఠానికీ మొదటి ఐదు నిమిషాలు పునశ్చరణ అని ఒక గడి కూడా గీశాను. ఆ గడిలో నిన్నటి పాఠంలోని ముఖ్యవాక్యాలు ఉంటాయి, క్లాసంతా కలిసి అప్పజెబుతుంది. నీలం ఇంకుతో గీతలు గీసి, అట్ట వేసి, హెడ్మాస్టరుతో సంతకం పెట్టించి, ఒక కాపీ చిన్న మేడం టేబుల్ మీద పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో అందరూ క్యారియర్లు విప్పుతుండగా ఆమె ఆ కాపీ పట్టుకుని నా పక్కకొచ్చి కూర్చుంది. చాలా బాగుందని మొదలుపెట్టింది. మన ఊరు, మన చెరువు, మన రైతు అనే మాట ప్రతి పాఠంలోనూ మళ్ళీ మళ్ళీ రావడం తనకు నచ్చిందంది. నేను పెరుగన్నం కలుపుకుంటూ తలూపుతున్నాను. అప్పుడు అసలు మాట తీసింది.

"మేడం, ఏడో పాఠంలో పిల్లోళ్ళ చేతికి ఆ కరువు రిపోర్టు ఇస్తా ఉన్నారు గదా. దాన్ని ఎట్ల చదవాలో చెప్పే పాఠం తొమ్మిదోది. మరి ఏడులో వాళ్ళు దాన్ని ఎట్ల చదవతారు?"

తొమ్మిదోదాన్ని రెండోదిగా తెస్తే బాగుంటుందని ఆమె ఆలోచన. అప్పుడు మూడులో భూమి కొలతల రిజిస్టరు చూపించేటప్పుడు ఇది ఎవరు రాశారని అడగవచ్చు. నాలుగులో శిస్తు లెక్క చూపించేటప్పుడు ఎందుకు రాశారని అడగవచ్చు. ఏడుకు వచ్చేసరికి, ఇందులో ఎవరి మాట లేదు అని పిల్లలే అడుగుతారు. ప్రశ్న పాతదే, కానీ ప్రతిసారీ ఇంకాస్త లోతుకు పోతుంది. ఇవన్నీ ఒక చిన్న చీటీలో బాణం గుర్తులు వేసి రాసుకొచ్చింది. నా పునశ్చరణ గడి గురించి కూడా ఒక మాట అంది. నిన్నటి వాక్యాలు అప్పజెప్పించడం ఒకటి, నిన్న నేర్చుకున్నదాన్ని ఈరోజు కొత్తదాని మీద వాడించడం ఒకటి, రెండూ ఒకటి కావు మేడం అని, చాలా మెల్లగా.

మెల్లగా అన్నా లెక్కల సారు విన్నాడు, హిందీ మేడం విన్నది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు పుట్టిన కాడ్నించి నేను చాక్‌పీసు పట్టుకోనుండాను. నాకు వరస నేర్పిస్తావా నువ్వు?" అన్నాను.

ఆమె చీటీ మడుచుకుంది. సారీ మేడం అంది. ఆ పూట ఆమె క్యారియర్ విప్పలేదు. నేను మాత్రం నాది శుభ్రంగా తినేశాను.

వారం తర్వాత నేను మొదటి పాఠం ముగించి వరండాలో వస్తుంటే బి సెక్షన్‌లోంచి ఒకటే అరుపులు. కిటికీలోంచి చూస్తే కబడ్డీ గొడవ. కిందటి ఆటలపోటీల్లో ఎ సెక్షన్‌కూ బి సెక్షన్‌కూ జరిగిన మ్యాచి, ఆఖరి కూతలో గీత తాకాడా తాకలేదా అని రెండు వర్గాలు కొట్టుకున్న మ్యాచి. ఆమె నా క్లాసు పిల్లల చేత ఒక కాగితం, తన క్లాసు పిల్లల చేత ఒక కాగితం ఆ మ్యాచి గురించి రాయించి తెచ్చింది. రెండూ చదివి వినిపించి, ఎవరు రాశారో చెప్పకుండా కనుక్కోమంటోంది. పిల్లలు ఇట్టే కనుక్కుంటున్నారు. ఎలా తెలిసిందిరా అంటే, మనోడైతే ఈ మాట రాయడు మేడం అంటున్నారు. అంటే నా తొమ్మిదో పాఠాన్ని ఆమె రెండోదిగా చెప్పేస్తోంది.

నేరుగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళాను. ఫిర్యాదు అనలేదు. కొత్తపిల్ల, ఎవరి మాటా వినకుండా తన ఇష్టం వచ్చినట్టు పోతోంది, రెండు సెక్షన్లకూ పరీక్ష ఒకటే కదా సార్ అని, ఏదో మాటల్లో వచ్చినట్టు అన్నాను. ఇలా అనడంలో నాకు మంచి అనుభవం ఉంది. ఆయన ఆమెను పిలిచి, సీనియర్లు వేసిన ప్లాన్ ప్రకారం పోవాలమ్మా అని చెప్పి, ఇకపై మార్పులుంటే ముందు రాసిచ్చి అనుమతి తీసుకోమన్నాడట. సాయంత్రం ఆమె నా దగ్గరికొచ్చి తప్పయింది మేడం అంది. ఇకనుంచి మీ వరసలోనే పోతాను అంది. పోయింది కూడా. కానీ ఆ రెండో పాఠం అప్పటికే చెప్పేసింది కదా, దాన్ని పిల్లల తలల్లోంచి ఎవరు వెనక్కి తీస్తారు.

నా క్లాసు బ్రహ్మాండంగా నడిచింది. అదే నా దురదృష్టం. మూడు, నాలుగు, ఐదు, ఆరు గంటకొట్టినట్టు పోయాయి. తోటల్లో నాన్నలు చూపించే గట్లనీ రాళ్ళనీ పిల్లలు భూమి కొలతలకు ముడిపెట్టారు. పండినా ఎండినా శిస్తు మాత్రం కట్టాలి అని క్లాసంతా ఒకే గొంతుతో అనేది. కొలతలు కొలిచింది మన పొలాలను, శిస్తు కట్టింది మన రైతులు, రైలెక్కిపోయింది మన గింజలు. ప్రతి పాఠంలో ఆ మన అనే మాటను తట్టి లేపేదాన్ని. చరిత్రంటే వాళ్ళెవరో కాదురా, మనమే అని పదే పదే చెప్పాను. పిల్లలు దాన్ని గుండెకు పట్టించుకున్నారు.

ఏడో పాఠం వచ్చింది. ధాత కరువు. వానల్లేక, గింజల్లేక జనం రాలిపోయిన కాలం. ఆ కాలపు ఒక అధికారి తన పైవాళ్ళకు పంపిన నివేదికలోంచి నాలుగు వాక్యాలు తీసి, తేలిక తెలుగులో రాసి, జిరాక్స్ తీయించాను. కరువు పనులు పెట్టి పిలిచినా జనం ఊళ్ళోంచి కదలడం లేదు, పని చేయకుండా కూర్చోవడానికే ఇష్టపడుతున్నారు, ఇదంతా సోమరితనం అని దాని సారం. ఒక పేజీలో ఇద్దరికి సరిపోవాలని పైనున్న వరస కత్తిరించేశాను. ఎవరు, ఎవరికి, ఏ ఉద్యోగంలో ఉండి రాశారో చెప్పే వరస అది. సోమరితనం అన్నది అబద్ధపు మాట అని నాకు తెలుసు. నాకు ఎంత బాగా తెలుసంటే, పిల్లలకు తెలియదేమోనన్న అనుమానమే రాలేదు.

కాగితం చదివించాను. కరువు ఎంత ఘోరమో చెప్పాను. గంట కొట్టారు. మర్నాడు చిన్న పరీక్ష పెట్టాను, ఐదు ప్రశ్నలు. అందులో ఒకటి, ఇచ్చిన ఆధారాన్ని బట్టి కరువులో జనం ఎందుకు చనిపోయారో ఒక కారణం రాయండి, రెండు మార్కులు. జవాబుల పట్టికలో నేనే రాసుకున్నాను, ఆధారంలోని వాక్యం చూపిస్తే పూర్తి మార్కులు అని. పేపర్లు ఎప్పట్లాగే బస్సులో దిద్దాను. ఆధారం చూపారా, చూపారు. టిక్కు. తర్వాతది. బస్సు కుదుపులకు టిక్కులు కొన్ని మార్జిన్ దాకా సాగాయి. మర్నాడు పేపర్లు ఇచ్చేసి, ఇంట్లో సంతకం పెట్టించుకు రండి అని చెప్పి, రెండు రోజుల ట్రైనింగుకు తిరుపతిలోనే ఉండిపోయాను.

ఆ ట్రైనింగులో నా యూనిట్ గురించే ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఒక పాఠం మీద ఇంకో పాఠం ఎలా నిలబడుతుందో చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఒకాయన కాపీ అడిగి తీసుకున్నాడు. ఇంటికి పోతూ దారిలో స్వీట్లు కొనుక్కున్నాను కూడా.

తిరిగొచ్చిన రోజు సాయంత్రం పుత్తూరు బస్టాండులో నేను తిరుపతి బస్సు కోసం నిలబడి ఉంటే చిన్న మేడం నా దగ్గరికొచ్చింది. నేను లేని రెండు రోజులూ నా క్లాసు ఆమే చూసుకుంది. కాసేపు ఎండల గురించి మాట్లాడింది. ఆ తర్వాత, మీ సెక్షన్‌లో ఒక పాప పేపరు చూపించింది మేడం అని, ఫోనులో దాని ఫోటో తెరిచి నా చేతికిచ్చింది.

రెండో బెంచీ పిల్ల. నోట్లో నాలుక లేని పిల్ల, అడిగితేనే మాట్లాడుతుంది. రాత మాత్రం ముత్యాల్లా ఉంటుంది. ఆ ప్రశ్నకు ఇలా రాసింది. మన ముందు తరాల వాళ్ళు సోమరులు. పని ఇస్తామని పిలిచినా పోలేదు. అందుకే ఆకలితో చనిపోయారు. దాని పక్కన నా ఎర్ర టిక్కు, రెండుకు రెండు, కింద గుడ్ అని నా రాతే.

నేను ఇచ్చిన కాగితంలో మన అనే మాట లేదు. ప్రజలు అని ఉంది. మన అని చేర్చుకున్నది ఆ పిల్ల. ఆరు పాఠాలుగా నేను నూరిపోసిన మాట అది. మిగతావన్నీ ఆ పిల్లకు ఎంత ఎక్కాయో తెలియదు గానీ, చరిత్రంటే మనమే అనేది మాత్రం బాగా ఎక్కింది. అది ఎక్కిన తర్వాతే నేను ఆ అధికారి మాట తెచ్చి చేతిలో పెట్టాను. ఎవరు రాశారు అని అడగడం మాత్రం నేర్పలేదు. దానికింకా రెండు పాఠాలు టైముందని ఊరుకున్నాను.

ఇంత అర్థమైనా నా నోట్లోంచి ముందు వచ్చింది ఏమిటో చెప్పాలి కదా. నా క్లాసు పేపర్లు నువ్వెందుకు చూస్తాండావు అన్నాను. ఆమె ఫోను వెనక్కి తీసుకుంది. ఆ పిల్ల వాళ్ళమ్మ తోటలో మామిడికాయలు కోస్తుందంట మేడం అంది. బస్సొచ్చింది, ఎక్కి కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను తప్ప ఆమెకు టాటా కూడా చెప్పలేదు.

మర్నాడు క్లాసులో పేపర్లన్నీ బయటికి తీయమన్నాను. సగం మందికి పైగా అదే రాశారు, సోమరులు కాబట్టి చచ్చారని. అందరికీ నా టిక్కులే. బి సెక్షన్‌లో అదే రిపోర్టుకు ఏం రాశారో చూద్దామని, ఇక సిగ్గు విడిచి చిన్న మేడం దగ్గర అడిగి తీసుకున్నాను. ఆమె పైవరస కత్తిరించకుండా ఇచ్చింది. దాంతోపాటు కరువు పనిలో రోజంతా రాళ్ళు కొట్టినవాళ్ళకు ఎంత గింజ ఇచ్చేవారో చెప్పే లెక్క కూడా ఇచ్చింది. ఆ పిల్లలు రాసినవి చదివాను. ఇది పెద్దాఫీసరుకు చిన్నాఫీసరు రాసుకున్నది, తన తప్పు లేదని చెప్పుకుంటున్నాడు అని ఒకడు. పని జరిగే చోటు ఎంత దూరమో ఆయన రాయలేదు అని ఒకమ్మాయి. ఈ తిండి తిని రాళ్ళు కొట్టలేరు అని ఇంకొకడు. ఇందులో కూలోళ్ళ మాట ఒక్కటి కూడా లేదు అని ఒక పిల్ల రాసి, కింద గీత గీసింది. నా క్లాసు పిల్లలూ వాళ్ళూ ఒకే ఊళ్ళ పిల్లలు. ఒకే బావి నీళ్ళు తాగుతారు. తేడా అంతా వరసలోనే ఉంది.

ఆ రోజే తొమ్మిదో పాఠాన్ని ముందుకు లాగి చెప్పాను. కత్తిరించిన వరస తిరిగి అతికించి మళ్ళీ ఇచ్చాను. ఎవరు రాశారు, ఎవరికి రాశారు అని అడిగాను. పిల్లలు నా మొహం చూస్తున్నారు. ఒక పిల్లవాడు లేచి, మొన్న టిక్కు పెట్టినారు గదా మేడం, ఇప్పుడు అది తప్పా అన్నాడు. మొన్నది మొన్న, ఇప్పుడు చెప్పేది విను అని కసిరాను. వాడు కూర్చున్నాడు. మిగతావాళ్ళు పెన్సిలుతో పాత జవాబు కొట్టేసి, నేను బోర్డు మీద రాసిన కొత్త జవాబు ఎక్కించుకున్నారు. మొన్న ఆ అధికారి మాటను ఎలా ఎక్కించుకున్నారో అలాగే. ఇటుకలు పేర్చేటప్పుడు కింద వరస వదిలేసి పైన కట్టాక, తర్వాత దాన్ని తెచ్చి ఎక్కడ దూరుస్తాం.

పేపర్లన్నీ వెనక్కి తీసుకుని నా టిక్కులు నేనే కొట్టేశాను. ఒక్క పేపరు రాలేదు, రెండో బెంచీ పిల్లది. అమ్మ దగ్గరుంది మేడం అంది.

కాంప్లెక్స్‌కు పంపాల్సిన కాపీలో వరస మార్చాను. తొమ్మిదోది రెండోదైంది. మూడు, నాలుగు, ఏడు, పదిలో ఆ ప్రశ్నలు ఎలా తిరిగి రావాలో కూడా రాశాను. పునశ్చరణ గడి తీసేశాను. అన్ని బడులకూ పోయేది అదే కాబట్టి ఆ మేరకు ఊపిరి పీల్చుకున్నాను. ఎవరు మార్చమన్నారో మాత్రం రాయలేదు. రాయాలని పెన్ను తీశాను, తర్వాత రాద్దాంలే అనుకున్నాను. అట్ట మీద నా పేరే పోయింది. మీటింగులో వరస గురించి మెచ్చుకుంటుంటే చిన్న మేడం చివరి కుర్చీలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

ఆ శనివారం తల్లిదండ్రుల మీటింగ్. ఆ పిల్ల వాళ్ళమ్మ వచ్చింది. తోట నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు మామిడి సొన మరకలు. ఒక పాలిథిన్ కవర్లోంచి ఆ పేపరు తీసింది. నా టిక్కుకు కాస్త కిందగా ఆమె వేలిముద్ర ఉంది. మొహమంతా సంతోషం. ఆమె చదువుకోలేదు, పిల్లే చదివి వినిపించిందట. రెండుకు రెండు రావడం ఇదే మొదటిసారి అంట గదా మేడం అంది.

ఆ జవాబు తప్పు అని చెప్పాను. చెప్పిన తీరు బాగాలేదు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక ఆ మాటే ముందు వచ్చేసింది. ఆమె మొహం మారిపోయింది. పక్కన నిలబడ్డ పిల్ల నెత్తిన టక్కుమని ఒక మొట్టికాయ వేసి, సక్కంగా రాసేకి ఏం రోగమే నీకు అంది. పిల్ల తల పట్టుకోలేదు, ఏడవలేదు. నావైపు చూసింది. ఆ టిక్కు ఎవరు పెట్టారో ఆ పిల్లకు తెలుసు, నాకు తెలుసు. అయినా నేను వెంటనే నోరు తెరవలేదు. పక్క టేబుల్ దగ్గర లెక్కల సారున్నాడు, ఇంకా ఇద్దరు తల్లిదండ్రులున్నారు. వాళ్ళు అటు తిరిగేదాకా ఆగాను. ఈ మొత్తం సంగతిలో నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉండేది ఆ ఆగడమే.

ఆ తర్వాత చెప్పాను. పాపది తప్పు కాదమ్మా, తప్పు నాది, నేను ఇచ్చిన కాగితం సగం కాగితం, నేను పెట్టిన టిక్కు తప్పు టిక్కు అన్నాను. ఆ పేపరిస్తే దిద్ది ఇస్తాను అని చెయ్యి చాపాను. ఆమె పేపరు వెనక్కి లాక్కుంది. మార్కులు తీసేస్తారా మేడం అని అడిగింది. తియ్యను, ఆ జవాబు మాత్రం కొట్టేస్తాను, మీ పెద్దవాళ్ళు సోమరులు కారమ్మా, అది నిజం కాదు అన్నాను.

ఆమె నవ్వింది. నన్ను ఓదార్చేలాగా నవ్వింది.

"మీరు మంచోళ్ళు గాబట్టి అట్ల అంటాండారు మేడం. పాప రాసిండేది నిజమే. మా జేజికి వాళ్ళ జేజి చెప్పిందంట, పాతకాలపు ముసలోళ్ళ మాట. గంజి పోస్తాం పనికి రాండి అని పిలిచినారంట. శానా దూరం, నడిసేకి కాళ్ళల్లో సత్తువ లేక ఇంటికాడే పండుకోనుండిపోయినారంట. పిల్లోళ్ళు ఇద్దరు ఆడనే పోయినారంట. ఇన్నాళ్ళూ అది కరువని అనుకుంటా ఉన్నాం. సోమరితనం అని పాప సదివినాకనే తెలిసింది."

అది సోమరితనం కాదమ్మా అన్నాను. మళ్ళీ అన్నాను. పెద్ద మేడం చెబుతున్నప్పుడు తలూపాలి కాబట్టి ఆమె ఊపింది. పేపరు జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి కవర్లో దోపుకుంది. పాప చెయ్యి పట్టుకుని, మేడంకు దండం పెట్టు అంది. ఆ పిల్ల నాకు దండం పెట్టింది.